వెయ్యి పున్నములు, ముప్ఫై అయిదు నిమిషాలు

మా తాతయ్య సహస్ర చంద్ర దర్శన శాంతికి ముహూర్తం అడగడానికి వెళ్తే, శాస్త్రిగారు పంచాంగం తీయకముందే ఒక ప్రశ్న అడిగారు. "పెద్దాయన ఆపకుండా ఎంతసేపు కూర్చోగలరు?" నాన్న, బాబాయ్, నేను ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఆయన బీపీ ఎంతో తెలుసు, షుగర్ ఎంతో తెలుసు. ఎంతసేపు కూర్చోగలరో మాలో ఎవరికీ తెలియదు. "అది కనుక్కుని రండి, ముహూర్తం తరవాత చూద్దాం" అన్నారాయన.

మేం చేసిన ఏర్పాట్లన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరిగాయి. ఎనభై నిండిన తాతగారికి ఈ వేడుక చేద్దామనుకునే ఇళ్లలో సాధారణంగా మొదట హాలు, తరవాత వంటవాళ్లు, ఆ తరవాత బట్టలు మాట్లాడతారు. ఏ పెద్దాయన కోసం ఇదంతా చేస్తున్నారో ఆయన ఒంటి శక్తి లెక్కలోకి వచ్చేది ఆ రోజు పదకొండు గంటలకి, ఆయన పీట మీద ఒక పక్కకి ఒరిగినప్పుడు. మా బంధువుల ఇంట ఒకసారి అలాగే జరిగింది. ఉదయం ఏడింటికి కూర్చోబెట్టిన మనిషిని మధ్యాహ్నం ఒకటిన్నరకి లేపారు. భోజనాల వైపు నడుస్తుంటే ఆయన కళ్లు తిరిగి కూలబడిపోయారు. ఆ సాయంత్రం ఫొటోల్లో ఆయన లేరు.

ముందు రోజు ఎప్పుడన్నది చూద్దాం. పేరులోనే ఉంది, వెయ్యి నిండు చందమామలని చూసిన మనిషికి చేసే శాంతి ఇది. దీన్నే శతాభిషేకం అనీ అంటారు. ఎనభై ఏళ్ల ఎనిమిది నెలలకి చేయాలని పెద్దలు చెప్పే లెక్క ఇలా వచ్చింది. ఎనభై ఏళ్లకి 960 నెలలు, పైన ఎనిమిది కలిపితే 968. రెండున్నరేళ్లకి ఒక అధిక మాసం చొప్పున వేసుకుంటే ఎనభై ఏళ్లలో 32. మొత్తం వెయ్యి. నిజానికి అధిక మాసాలు అంతకంటే కొంచెం ఆలస్యంగా వస్తాయి. పందొమ్మిదేళ్లకి ఏడు చొప్పున ఎనభై ఏళ్లలో 29 గానీ 30 గానీ పడతాయి. పున్నమికీ పున్నమికీ మధ్య సుమారు 29.53 రోజులు కాబట్టి వెయ్యి పున్నములకి 29,530 రోజులు, అంటే ఎనభై ఏళ్ల పది నెలలు. కొన్ని ఇళ్లలో ఎనిమిదో నెలలోనే చేస్తారు, కొందరు ఎనభై ఒకటో పుట్టినరోజు దాకా ఆగుతారు. ఏదీ తప్పు కాదు. పెద్దాయన ఆరోగ్యానికి ఏ కాలం మంచిదో చూసుకోవడానికి ఈ వెసులుబాటు పనికొస్తుంది.

మా తాతయ్య పుట్టింది రథసప్తమి మర్నాడు, మాఘ శుద్ధ అష్టమి, కృత్తికా నక్షత్రం. శాస్త్రిగారు వేళ్ల మీద లెక్కగట్టారు. పుట్టిన వారానికి వచ్చిన మాఘ పౌర్ణమి ఒకటోది. మధ్యలో వచ్చిన అధిక మాసాలతో కలిపి ఎనభై ఏళ్ల తరవాతి మాఘ పౌర్ణమి 991వది. అక్కణ్ణుంచి తొమ్మిది లెక్కపెడితే కార్తీక పౌర్ణమికి వెయ్యి నిండుతాయి. కార్తీకంలోనే చేద్దామంటే తెనాలి దగ్గరి మా ఊళ్లో అప్పుడు వానలు, తుఫాన్ల భయం. ఇంటి ముందు పందిట్లో చేసుకోవాలని మా ఆశ. అందుకని మార్గశిరంలో ఆయన జన్మ నక్షత్రం పడే శుద్ధ త్రయోదశికి నిశ్చయించారు. ఆ తిథి వల్ల ఇంకో మేలుంది. త్రయోదశి నాడు చంద్రుడు పొద్దు వాలకముందే తూర్పున పైకొచ్చేసి ఉంటాడు, దీపాలు పెట్టే వేళకి బాగా కనిపిస్తాడు. రాత్రి తొమ్మిది దాకా పెద్దాయన్ని మేలుకోబెట్టి చంద్రుణ్ణి చూపించాల్సిన పని లేదు.

రెండో ముహూర్తం కూడా అప్పుడే రాసుకున్నాం, సరిగ్గా నక్షత్రం తిరిగి వచ్చే 27 రోజుల తరవాత. మా పెద్ద తమ్ముడి భార్యకి అప్పుడు నెలలు నిండుతున్నాయి. ముందే కాన్పయితే ఇంటిపేరువాళ్లందరికీ పది రోజులు పురుడు. ఆ పది రోజుల్లో ముహూర్తం పడితే శాంతి ఆగిపోతుంది. అమెరికా నుంచి రావలసిన ఇద్దరు మనవళ్లు టికెట్లు కొనేముందు ఈ సంగతి వాళ్లకి చెప్పాం. డబ్బు కొంచెం ఎక్కువైనా తేదీ మార్చుకోవడానికి వీలున్న టికెట్లే కొన్నారు. మా అదృష్టం, పాప ముహూర్తం దాటిన ఆరో రోజున పుట్టింది.

ఇక శాస్త్రిగారి ప్రశ్న. తాతయ్యని అడిగితే "ఎంతసేపైనా కూర్చుంటాను రా" అన్నారు. ఆయన తరం మగవాళ్ల దగ్గర ఇంకో జవాబు దొరకదు. అందుకని మా చిన్నత్త ఆయనకి చెప్పకుండానే చూసింది. మూడు రోజుల పాటు ఉదయం ఆయన పేపరు చదివేటప్పుడు, భాగవతం వినేటప్పుడు గడియారం పెట్టుకుంది. చేతులున్న కుర్చీలో అయితే నలభై నిమిషాలు స్థిమితంగా ఉంటారు. తరవాత ఎడమ కాలు చాపుకుంటారు, ఉత్తరీయం అంచు వేళ్లతో మెలిపెట్టడం మొదలుపెడతారు. ఇంకో పది నిమిషాలకి మాటకి బదులు తల ఊపుతారు. పీట మీద బాసిపట్టు వేసుకుని పన్నెండు నిమిషాలకి మించి కూర్చోలేరు. లేచేటప్పుడు ఇద్దరు పట్టుకోవాలి. ఉదయం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా హుషారు, పదకొండు తరవాత మగత. మళ్లీ నాలుగున్నరకి తేరుకుంటారు. బాత్రూముకి గంటన్నరకోసారి.

డాక్టరు గారు ఇంకొకటి కలిపారు. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టిన మూడు నిమిషాల్లోపల ఇంకోసారి బీపీ చూశారు. పడుకున్నప్పుడు పై అంకె 142, నిలబడితే 118. ఇరవై గానీ అంతకు మించి గానీ పడిపోతే, చాలాసేపు కూర్చుని ఒక్కసారిగా లేచినప్పుడు కళ్లు తిరిగే ప్రమాదం ఉన్నట్టే. లేచేముందు పాదాలు పదిసార్లు ఆడించాలి, మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోవాలి, నీళ్లు తాగుతూ ఉండాలి అన్నారు. మాత్రల గురించి గట్టిగా చెప్పారు. బాత్రూము గొడవ ఉండకూడదని ఇంట్లోవాళ్లే ఆ రోజుకి నీరు తీసే మాత్ర మానిపించేస్తారట. మా ఇంట్లోనూ ఆ ఆలోచన అప్పటికే వచ్చింది. "మానడం, మార్చడం నేను చెప్తాను, మీరు కాదు" అని, ఆ ఒక్క రోజుకి దాని వేళ మాత్రం మార్చి రాసిచ్చారు.

ఈ లెక్కలన్నీ కాగితం మీద పెట్టుకుని మళ్లీ శాస్త్రిగారి దగ్గరికి వెళ్లాం. ఆయన ప్రయోగం పుస్తకం ముందు పెట్టుకుని మాతో రెండు గంటలు కూర్చున్నారు. నాకు అన్నిటికంటే విలువైనవి ఆ రెండు గంటలే. గణపతి పూజ, పుణ్యాహవాచనం, కలశ స్థాపన, నవగ్రహ పూజ, మృత్యుంజయ జపం, రుద్రం, ఆయుష్య హోమం, అభిషేకం, ఆజ్యావేక్షణం, దానాలు, ఆశీర్వచనం. మామూలుగా చేస్తే ఆరేడు గంటల పని. ఒక్కొక్కదాని దగ్గరా ఆగి ఆయన ఒకే మాట అడుగుతూ వచ్చారు. "దీనికి ఆయన శరీరం కావాలా, ఆయన అనుమతి చాలా?" సంకల్పం ఆయనే చెప్పాలి. అభిషేకం ఆయనకే జరగాలి. దానం ఆయన చేతి మీదుగా వెళ్లాలి, ఆశీర్వచనం ఆయన అందుకోవాలి. పూర్ణాహుతికి ఉండాలి. మిగతా జపమంతా ఋత్విక్కులు చేస్తారు. హోమంలో ఆహుతులు పెద్దకొడుకు ప్రతినిధిగా వేయొచ్చు. మొదట్లో తాతయ్య దర్భతో నాన్నని తాకి అనుమతి ఇస్తే చాలు, దాన్ని అన్వారంభం అంటారు. అలా లెక్కేస్తే ఆరున్నర గంటల క్రతువులో ఆయన తప్పనిసరిగా ఉండాల్సింది రెండు గంటలు కూడా లేదు. శాస్త్రంలో ముందునుంచీ ఉన్న ఈ సౌలభ్యాన్ని మనం అడగం కాబట్టి ఎవరూ చెప్పరు.

ఉపవాసం సంగతీ అంతే. నానమ్మకి అదే పెద్ద బెంగ, సంకల్పం కాకుండా ఆయన ఎలా తింటారని. నీళ్లు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, మందు, ఈ ఎనిమిదీ వ్రతాన్ని చెడగొట్టవని పెద్దల మాట ఉందనీ, షుగర్ మాత్ర వేసుకునే మనిషికి ఇడ్లీ కూడా మందులో భాగమేననీ శాస్త్రిగారు ఆవిడకి నచ్చజెప్పారు. "ఆయన తినాలి తల్లీ. ఉండగలిగితే పిల్లల్ని ఉండమనండి." మాత్ర వేసుకుని తినకపోతే షుగర్ డెబ్భై కంటే కిందికి దిగిపోవచ్చు. చెమటలు పట్టడం, చేతులు వణకడం, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పడం దాని గుర్తులు. హోమం దగ్గర చెమట పడితే అందరూ వేడికే అనుకుంటారు. అందుకే షుగర్ చూసే మిషను, గ్లూకోజు పొడి పూజ సామాన్ల పక్కనే పెట్టాం.

క్రతువుని అలా మూడు కూర్చోవడాలుగా విడగొట్టాం. ఏదీ ముప్ఫై అయిదు నిమిషాలు దాటకూడదు, మధ్య మధ్య నలభై, యాభై నిమిషాల విరామం. సంకల్పం, కలశ స్థాపన ముందు రోజు సాయంత్రానికి జరిపాం. తాతయ్య నిద్ర లేచాక నాలుగున్నరకి వచ్చి ఇరవై నిమిషాలు కూర్చుని సంకల్పం చెప్పుకుని వెళ్లిపోయారు. ఋత్విక్కులు ఆ తరవాత ఎనిమిదిన్నర దాకా జపం చేశారు. ఆయన లోపలి గదిలో మంచం మీద పడుకుని వింటూనే ఉన్నారు.

సంకల్పం దగ్గర చాలా ఇళ్లలో ఊహించని ఆలస్యం ఒకటి జరుగుతుంది. సంతానం అందరి పేర్లూ, నక్షత్రాలూ చెప్పాలని పెద్దలకి ఉంటుంది. అప్పటికప్పుడు అడిగితే ఒకడికి తన నక్షత్రం గుర్తుండదు, ఇంకొకరు అమ్మకి ఫోన్ చేస్తారు. పైగా కూతుళ్లవి అత్తింటి గోత్రాలు, మనవరాళ్లవి ఇంకో గోత్రాలు. మావాళ్లు ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు, తొమ్మిది మంది మనవలు, అయిదుగురు మునిమనవలు. అల్లుళ్లు, కోడళ్లు, మనవల జంటలతో కలిపి ఇరవై ఎనిమిది మంది. పది రోజుల ముందే మా చెల్లెలు నాలుగు కుటుంబాలుగా, గోత్రం వారీగా పెద్ద అక్షరాలతో రాసి శాస్త్రిగారికి ఇచ్చింది. చదవడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

ఆ రోజు తెల్లవారుజామున ఆయన్ని ఎవరూ లేపలేదు. రోజూ లేచే అయిదున్నరకే లేచారు. మాత్రలు, పాలు, ఆరున్నరకి రెండు ఇడ్లీలు. ఏడుంబావుకి పందిట్లోకి వచ్చారు. పీట బదులు వెడల్పు కుర్చీ వేశాం. పీట నియమం పోకుండా కుర్చీ కింద దాన్ని వేసి ఆయన పాదాలు దాని మీద పెట్టించారు శాస్త్రిగారు. పక్కన నానమ్మకీ అలాంటిదే. ఆవిడ మోకాళ్లు ఆయనకంటే అధ్వాన్నం. ఆయన కోసం చేసిన ప్రతి ఏర్పాటూ ఆవిడకీ కావాలన్నది మాకు చివరి వారంలో గానీ తట్టలేదు, అది మా పొరపాటే. కొంగుముడి వేసిన జంటలో ఒకరు లేస్తే రెండోవారూ లేవాలి. కూర్చోగలిగే సమయం ఇద్దరిలో ఎవరిది తక్కువైతే అదే లెక్క.

అభిషేకం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, కష్టమంతా అక్కడే ఉంది. డిసెంబరు ఉదయం, రాత్రంతా బయట ఉన్న కలశాల నీళ్లు, ఎనభై దాటిన ఒళ్లు. ఇరవై ఎనిమిది మందీ తలా ఒక చెంబు పోస్తామంటారు. లీటరు చెంబయితే ఇరవై ఎనిమిది లీటర్లు, మనిషికి ఒక నిమిషం వేసుకున్నా అరగంట తడి బట్టలతో కూర్చోవాలి. వయసు మీరిన ఒంటికి వేడి నిలుపుకునే శక్తి తక్కువ. వణుకు మొదలయ్యేసరికే ఆలస్యమైపోతుంది. కొందరిలో వణుకు కూడా పెద్దగా కనిపించదు.

మేం చేసింది ఇది. ఇత్తడి గంగాళంలో వేణ్ణీళ్లు పోసి ఉంచాం. ఋత్విక్కులు కలశాల నీళ్లు అందులో కలిపారు. కలశాన్ని పొయ్యి మీద పెట్టడానికి శాస్త్రిగారికి మనసొప్పలేదు. "మంత్రజలం కలిసిన నీరంతా మంత్రజలమే" అని ఈ దారి ఆయనే చెప్పారు. తరవాత ఇరవై ఎనిమిది మందీ వరసగా వచ్చి ఒక్కొక్క ఉద్ధరిణెడు నీళ్లు గంగాళంలో వదిలారు. అప్పటికి తాతయ్య పొడిబట్టల్లోనే కూర్చుని ప్రతి ఒక్కరినీ పేరుపెట్టి పిలుస్తున్నారు. నాన్న మోచెయ్యి ముంచి చూశారు, పసివాడి స్నానానికి చూసినట్టు. గోరువెచ్చగా ఉందనుకున్నాకే అభిషేకం మొదలైంది. తల మీద జల్లెడ పట్టుకుని నలుగురు పిల్లలూ కలిసి నాలుగు చెంబులు పోశారు. మిగతావి భుజాల మీద, పాదాల మీద. జల్లెడలోంచి నీళ్లు ధారగా పడకుండా చినుకుల్లా పడతాయి, ఊపిరి ఆడనట్టు అనిపించదు. అంతా కలిపి ఆరు నిమిషాలు. ఆ కుర్చీ వేరే, నీళ్లు నిలవకుండా అడుగున చిల్లులున్న ప్లాస్టిక్ కుర్చీ, కింద రబ్బరు చాప. నీళ్లు ఆగీ ఆగగానే పెద్ద తువ్వాలు కప్పి, పక్కనే పన్నెండు అడుగుల దూరంలో ఉన్న గదిలోకి తీసుకెళ్లారు. ఆ దారంతా గోనెపట్టాలు పరిచాం. తడి గచ్చు మీద తడి పంచె కాళ్లకి చుట్టుకుంటే ఎవరైనా పడతారు.

ఒకటి మాత్రం మేం ఊహించలేదు. అభిషేకానికి ముందు వినికిడి మిషను తీసేయాలి కదా, తీశాం. తీశాక శాస్త్రిగారు చెప్పేదేదీ ఆయనకి వినపడలేదు. అందరూ ఏదో అంటున్నారు, తనకి తెలియడం లేదు, మొహంలో కంగారు. మా తమ్ముడి కొడుకు ఆయన ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని చేతులు పట్టుకున్నాడు. నీళ్లు పోసే ప్రతిసారీ ముందు చెయ్యి నొక్కాడు. వాడికి పదకొండేళ్లు. ఎవరూ చెప్పలేదు.

గదిలో తల తుడుచుకుని, కొత్త పంచె కట్టుకుని, మిషను పెట్టుకుని, ఆయన ముప్పావుగంట పడుకున్నారు. ఈ లోపల పందిట్లో హోమం నడుస్తోంది. నాన్న, బాబాయ్ ఆహుతులు వేస్తున్నారు. పెద్దాయన అగ్ని ముందు కూర్చోకపోతే ఎలా అని బంధువుల్లో ఒకరిద్దరు గొణిగారు. నేతి పొగ, సమిధల పొగ గంటసేపు పీలిస్తే ఆయన ఊపిరితిత్తులు రెండు రోజులు బాధపడతాయని అత్తయ్య మెల్లిగా చెప్పింది. పూర్ణాహుతికి వచ్చినప్పుడు కూడా గాలి వచ్చే వైపు, గుండానికి ఎనిమిది అడుగుల దూరంలో కుర్చీ వేశాం. పట్టుబట్టలో కట్టిన ద్రవ్యాన్ని ఆయన రెండు చేతులతో తాకి ఇచ్చారు, నాన్న అగ్నిలో ఉంచారు.

దానికి ముందే, తొమ్మిదికి పది నిమిషాలు ఉందనగా, అందరితో ఫొటో. ఫొటోలు చివర పెట్టుకోవడం అందరూ చేసే తప్పు. అప్పటికి పెద్దవాళ్లు సోలిపోయి ఉంటారు, పసివాళ్లు ఏడుస్తుంటారు. ముందు రోజు సాయంత్రమే సున్నంతో నేల మీద గుర్తులు పెట్టి, తాతయ్య కుర్చీలో మా చెల్లెలి కూతుర్ని కూర్చోబెట్టి, ఎవరు ఎక్కడో చూసుకున్నాం. ఆ రోజు అందరూ నిలబడ్డాకే ఆయన్ని తీసుకొచ్చాం. ఏడు నిమిషాల్లో అయిపోయింది.

మూడో కూర్చోవడం పదింబావుకి. మధ్యలో మజ్జిగ, బాత్రూము. కంచు గిన్నెలో కరిగిన నేతిలో మొహం చూసుకోవడం ఆజ్యావేక్షణం, ఆ గిన్నె దానం ఇస్తారు. గిన్నె ఆయన వంగి చూడక్కర్లేకుండా ఎత్తి పట్టుకున్నాం. వంగితే తల తిరుగుతుంది. తరవాత నానమ్మకి మళ్లీ మంగళసూత్రం కట్టారు. చేతులు వణుకుతుంటే మూడో ముడి పెద్దత్త వేసింది, ఆడపడుచు వేసే ముడే కూతురు వేసింది. కొడుకు కొడుక్కి పుట్టిన మునిమనవడికి మూడేళ్లు. వాడు బంగారు పూత పూసిన చిన్న చిన్న పూలు దోసిట్లో పట్టుకుని కనకాభిషేకం చేశాడు. సగం తన తల మీదే పోసుకున్నాడు.

దానాల దగ్గర, ఇరవై అయిదో నిమిషంలో, తాతయ్య వేళ్లు ఉత్తరీయం అంచు మీదికి వెళ్లాయి. చిన్నత్త ఒక్కతే కనిపెట్టింది. ఆవిడకి మేం ఆ రోజు వేరే ఏ పనీ పెట్టలేదు. వంట, చుట్టాలు, బట్టలు ఏవీ లేవు, ఆయన్ని చూస్తూ ఉండటమే పని. చెయ్యి ఎత్తి శాస్త్రిగారికి చూపింది. దశదానాల్లో ఇంకా ఆరున్నాయి. గోవు, భూమి లాంటివాటికి ఎలాగూ నిష్క్రయంగా డబ్బే ఇస్తారు. ఆయన మిగిలిన ఆరింటినీ ఒకే పళ్లెంలో పెట్టించి, తాతయ్య చెయ్యి ఒక్కసారి తాకించి, నీళ్లు వదిలించి ముగించారు. ఇలాంటి సైగ ముందే ఒప్పుకుని పెట్టుకోవాలి. లేకపోతే పురోహితుణ్ణి మధ్యలో ఆపడానికి ఎవరికీ నోరు రాదు. అలిసిపోయానని పెద్దాయన తన నోటితో అనరు.

చుట్టాలు వచ్చి ఒక్కొక్కరే కాళ్లకి దణ్ణం పెట్టడం ఉదయం ఆపేశాం. కుటుంబాల వారీగా నాలుగు జట్లు వచ్చారు, ఏడుగురేసి, జట్టుకి నాలుగు నిమిషాలు. అక్షింతలు విసరొద్దని ముందే చెప్పాం. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లు, పసుపు బియ్యం గింజ పడితే నెప్పి. ఆయన అక్షింతలు వేసేటప్పుడు చెయ్యి పైకెత్తి ఉంచలేరు, భుజం పట్టేస్తుంది. పిల్లలే ఆయన ఒళ్లోకి తలలు వంచారు. సన్నాయి మేళం కూడా గుమ్మం బయట, ముప్ఫై అడుగుల అవతల. దగ్గరగా వాయిస్తే వినికిడి మిషనులో డోలు చప్పుడు తలపోటు తెస్తుంది.

పదకొండుంబావుకి ఆయనకీ నానమ్మకీ లోపలి గదిలోనే విస్తళ్లు వేశాం. పెసరపప్పు, బీరకాయ కూర, మెత్తటి అన్నం, ఒక బూరె, పెరుగు. మూడొందల మంది పంక్తికి ఆయన రాలేదని ఎవరూ ఏమీ అనుకోలేదు. తినగానే లేవనివ్వలేదు, భోజనం తరవాత బీపీ ఇంకాస్త దిగుతుంది. కుర్చీలోనే పావుగంట కూర్చుని, మంచం ఎక్కి రెండున్నర దాకా పడుకున్నారు. ఆ తరవాతే తెలిసింది, చెల్లెలు గది తలుపు బయట చాప వేసుకుని కాపలా కూర్చుందని. ఎవరో ఒకరు "ఒక్క నిమిషం చూసి వెళ్తాం" అంటూనే ఉన్నారట.

నాలుగున్నరకి ఊళ్లో స్నేహితులు వచ్చారు. ఆ అరగంటా ఆయన నవ్వినంతగా ఉదయం నవ్వలేదు. శాంతి అయిపోయింది, ఎవరూ ఏమీ చేయమనడం లేదు, పక్కన తన ఈడువాళ్లు. మళ్లీ ఎవరికైనా చేయాల్సి వస్తే ఈ అరగంటని గంట చేస్తాను.

అయిదూ ముప్పావుకి కుర్చీ వాకిట్లోకి మార్చాం. డాబా మీద ఇంకా బాగా కనిపిస్తుందని మనవలు అన్నారు, పద్దెనిమిది మెట్లున్నాయని చిన్నత్త వద్దంది. తూర్పున కొబ్బరి చెట్ల పైకి చంద్రుడు అప్పటికే వచ్చి ఉన్నాడు, ఒక పక్క కొంచెం తరిగి. శాలువా కప్పుకుని, కూర్చునే, పాలు కలిపిన నీళ్లతో అర్ఘ్యం వదిలారు. వెండి చంద్రబింబం శాస్త్రిగారి చేతిలో పెట్టారు. ఇరవై ఎనిమిది మందీ ఆయన వెనక నిలబడి పైకి చూస్తున్నారు.

మునిమనవడు ఆయన మోకాలు పట్టుకుని అడిగాడు, "తాతా, ఇది వెయ్యోదా?"

"వెయ్యీ అయిపోయాయి రా. ఇది నిండు చంద్రుడు కాదు, లెక్కలోకి రాదు" అని, నాన్న వైపు తిరిగి, "పౌర్ణమి ఎల్లుండి. ఆ కుర్చీ ఇక్కడే ఉంచండి" అన్నారు తాతయ్య.